శుక్రవారం సున్నా

మా అత్తవారింట్లో మనుషులకు మార్కులు వేసే పద్ధతి ఒకటుంది. చదువు చూసి కాదు, ఉద్యోగం చూసి కాదు. మైలేజీ చూసి. మా కారు ఎవరి చేతిలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో మామయ్యకు కంఠతా వచ్చు. ఆడపడుచు మొగుడు పద్నాలుగు. "పెద్ద చదువే చదివాడు గానీ గేరు మార్చడం రాదు" అంటాడు. మా ఆయన పదహారు. "వీడు బ్రేకు మీదే కాపురం చేస్తాడు." ఇక మామయ్య సొంత సంఖ్య ఇరవైన్నర. అది చెప్పాక మీసం కింద చిన్నగా నవ్వి ఊరుకుంటాడు, అంతే.

నా పెళ్లిచూపులనాడు కూడా ఇదే వరస. మాది బాల్కొండ. అత్తవాళ్లది బోధన్ దగ్గర కాలువ కింది క్యాంపు, అంటే వలస వచ్చిన రైతుల ఊరు. మామయ్య తండ్రి కృష్ణా జిల్లా నుంచి నిజాంసాగర్ నీళ్లను నమ్ముకుని వచ్చి ఇక్కడ చెరకు వేశాడు. మామయ్య ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం అక్కడిదే. ఆ రోజు కాఫీ తాగి, మా ఇంటి ముందున్న మా నాన్న జీపును చుట్టూ తిరిగి చూసి, "ఎంతిస్తుందండీ మీ బండి?" అని అడిగాడు.

నాన్నను మేం బాపు అంటాం; బాపు ఒక్క క్షణం తడబడలేదు. "పోస్తే పోతది, పొయ్యకుంటే ఆగుతది" అన్నాడు.

మామయ్య మొహం చూడాలి. సంబంధం అక్కడే తప్పిపోయేదేమో, మా అత్తమ్మ గబగబా మైసూర్‌పాక్ పళ్లెం ముందుకు జరిపింది కాబట్టి సరిపోయింది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ బాపే. కాబట్టి మామయ్య దృష్టిలో నా పాదం మీద మొదటి నుంచీ అనుమానమే.

పెళ్లయిన రెండేళ్లకు నిజామాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో నాకు టెక్నీషియన్ పని దొరికింది. రక్తం తీయడం, పరీక్షలు చేయడం నేను చదువుకున్న పని. పెళ్లయ్యాక అది మూలన పడిందని లోపల ఎంత కుతకుతలాడానో నాకే తెలుసు. ల్యాబు నడిపే మేడం ఒక్కటే షరతు పెట్టింది. పొద్దున్నే పరగడుపున వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి ఏడింటికి తలుపు తీసి ఉండాలి. మా క్యాంపు నుంచి ఆరు కిలోమీటర్లు బోధన్, అక్కడి నుంచి నిజామాబాద్. మొదటి బస్సు పట్టుకుని, బోధన్‌లో మారి, ఎడపల్లి దాటి ఊరు చేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. అంటే కారు ఉంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. అంతకు మించి అందులో చెప్పడానికేమీ లేదు.

కారు పాతది, డీజిలుది. మామయ్యకు అది ప్రాణం. రోజూ వాడతానంటే ఇస్తాడా అని ఇంట్లో అందరికీ అనుమానమే. నేనే ధైర్యం చేసి అడిగాను. ఆయన చాలాసేపు చెరకు తోట వైపు చూశాడు.

"ఇస్తానమ్మాయ్. కానీ ముందు ఓ ఆరు రోజులు తిప్పు. పద్దెనిమిది తెస్తే తాళం నీదే. అంతకు తగ్గితే మాత్రం నన్ను అడగమాక. మైలేజీ పడిపోయిందంటే క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నట్టే. ఆర్నెల్లకు క్లచ్ ప్లేట్లు పోతాయి."

"పద్దెనిమిదే ఎందుకు మామయ్యా?"

"నా ఇరవైన్నరలోంచి నీకు రెండున్నర వదిలేస్తున్నా. ఇంకేం కావాలి?"

ఆ తర్వాత పద్ధతి చెప్పాడు. ఇందులో ఆయన మంచి మేష్టారు, కాదనను. "బోధన్ బంకులో గన్ దానంతటది ఆగేదాకా పోయించు. అదీ ఫుల్ ట్యాంకంటే. అక్కడే కింది చిన్న మీటరు బొత్తాం నొక్కి సున్నా చేసుకో. తిప్పు. ఆఖర్న మళ్లీ అదే బంకుకి, అదే పంపుకి వెళ్లి, మళ్లీ ఆగేదాకా పోయించు. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అదే నువ్వు తాగించింది. మొదట పోసింది లెక్కలోకి రాదు. అది గీత గీసుకోవడం మాత్రమే. మీటరు మీద ఉన్న దూరాన్ని ఆ రెండోసారి లీటర్లతో భాగించు. అయిపోయింది."

చెప్పడం తేలికే. అప్పుడే నా గుండె డీజిలింజనులా కొట్టుకుంటోంది.

ఉద్యోగం గురువారం మొదలైంది. ఆ పొద్దున చీకటి వదలకముందే బయల్దేరాను. బోధన్ బంకులో గన్ టక్కున ఆగగానే బొత్తాం నొక్కాను. చిన్న మీటరు సున్నా. ఆ సంబరం ఎవరికైనా చూపించాలనిపించి డ్యాష్‌బోర్డు ఫోటో తీసి అక్కకు పంపాను. అక్క బాల్కొండలోనే ఉంటుంది. వెంటనే జవాబిచ్చింది. "గంత పొద్దుగాల్ల ఎవలకన్న మీటర్ ఫొటో పంపుతరే? పూలు పంపు, దేవుని బొమ్మ పంపు!" నేను నవ్వుకుంటూ గేరు వేశాను.

ఆ ఆరు రోజులు ఎంత బాగా గడిచాయో! పక్క సీట్లో కోడిపిల్ల ఉంటే అది బెదురుతుందేమో అన్నట్టు నడిపాను. రైల్వే గేటు పడితే ఇంజను ఆపేశాను. జానకంపేట దగ్గర లారీల వెనక పడితే తొందరపడి దాటకుండా, వాళ్ల పొగ పీలుస్తూనే ఓపిక పట్టాను. క్లచ్ మీద పాదం పెడితే పాపం అన్నంత భయం. ఏడింటికి ల్యాబు తలుపు తీసి, దేవుడికి అగరొత్తి వెలిగించి, మొదటి మనిషికి సూది గుచ్చేవరకు ఒళ్లంతా హాయిగా ఉండేది. మా క్యాంపులో ఆడమనిషి స్టీరింగు పట్టి ఊరు దాటడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. చెరకు బండ్లవాళ్లు దారివ్వడం మానేసి నన్నే చూసేవాళ్లు.

బుధవారం సాయంత్రం వచ్చేసరికి మామయ్య బంకు దగ్గరే నిలబడి ఉన్నాడు. స్కూటర్ మీద వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని మీటరు చూశాడు. పంపు మీద సంఖ్య చూశాడు. గన్ ఆగాక తానే ఒకసారి మూత దగ్గర వంగి చూశాడు.

"మూడు వందల నలభై నాలుగు. ఇరవై ఒక్క లీటర్లు." కాసేపు పెదవులు కదిలించాడు. "పదహారు పాయింట్ నాలుగు."

ఆయన కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. "ఫరవాలేదమ్మాయ్. నా కొడుకు కంటే కొంచెం నయమే" అన్నాడు. ఇల్లు చేరాక కారును షెడ్డులో పెట్టించి, గుడ్డ కప్పి, తాళాలు తన మంచం పక్క మేకుకి తగిలించాడు. ఆ రాత్రి మా ఆయన నన్ను ఓదార్చబోయాడు. పదహారు మనిషి ఓదార్పు నాకేమీ పనికిరాలేదు.

మర్నాడు బస్సు. ఎనిమిదిన్నర దాటింది నేను చేరేసరికి. షుగరు పరీక్షకు వచ్చిన ఇద్దరు ముసలివాళ్లు మెట్ల మీద కూర్చుని ఆకలితో తిట్టుకుంటున్నారు. తలుపు మేడమే తీసింది.

"ఏమైందమ్మా? గిట్లయితే ఎట్ల నడుస్తది?" అంది. మంచి మనిషే, కానీ ఆమె బాధ ఆమెది. "గీ వారం ఎట్లనో నేనే వచ్చి తీస్త. సోమవారం సంది ఏడింటికి నువ్వుంటనంటేనే ఉండు. లేకుంటే ఇంకో మనిషిని సూసుకుంట. పరేషాన్ జేయకు నన్ను."

కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు చాటుకు పోయి తుడుచుకుని పని మొదలుపెట్టాను.

పదింటికి ఒకాయన రిపోర్టు పట్టుకుని వచ్చి, "గీ హిమోగ్లోబిన్ నాది కాదు, గింత తక్కువ ఎట్లుంటది?" అని తగువుకు దిగాడు. మేము అలాంటప్పుడు మొదట చేసే పని మళ్లీ రక్తం తీయడం కాదు. కాగితం మీద పేరు, సీసా మీద పేరు ఒకటేనా అని చూస్తాం. లెక్క ఎంత శుద్ధంగా చేసినా, రక్తం ఒకరిదీ కాగితం ఇంకొకరిదీ అయితే ఆ సంఖ్యకు విలువ లేదు. చూశాను. రెండూ ఆయనవే. ఆకుకూరలు తినమని పంపించాను.

ఆయన వెళ్లాక సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇరవై ఒక్క లీటర్లు ఎవరివి? గురువారం పొద్దున నుంచి బుధవారం సాయంత్రం దాకా నడిపిన బండివి. మరి మూడు వందల నలభై నాలుగు కిలోమీటర్లు ఎవరివి? మాకు ఇంటి నుంచి ల్యాబుకు ముప్పై అయిదు, రానుపోను డెబ్భై. ఆదివారం వదిలేస్తే ఆరు రోజులు వచ్చాను. నాలుగు వందల ఇరవై రావాలి. మొదటి రోజు ఇంటి నుంచి బంకుదాకా, చివరి రోజు బంకు నుంచి ఇంటిదాకా తీసేసినా నాలుగు వందలు దాటాలి కదా! చిన్నపిల్లలు చేసే కూడిక. మామయ్య ముందు నిలబడ్డ భయంలో అది కూడా తట్టలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మామయ్య కాలువ వైపు వెళ్లి ఉన్నాడు. షెడ్డులోకి దూరి, గుడ్డ ఎత్తి, ఫోన్ వెలుతురు వేసి చూశాను. మా పాత కారులో రెండు మీటర్లుంటాయి. కింద బొత్తాంతో సున్నా చేసే చిన్నది, పైన ఎవరూ కదిలించలేని పెద్దది. బండి పుట్టినప్పటి నుంచి నడిచిన దూరమంతా పెద్దదాంట్లో ఉంటుంది. గురువారం బంకులో తీసి అక్కకు పంపిన ఫోటో తెరిచాను. అందులో పెద్ద మీటరు చివరి మూడంకెలు రెండు వందల ముప్పై ఆరు. ఇప్పుడు ఆరు వందల యాభై. తేడా నాలుగు వందల పద్నాలుగు. నిన్న బంకు నుంచి ఇంటికి వచ్చిన ఆరు తీసేస్తే నాలుగు వందల ఎనిమిది.

ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు నేను నడిపింది నాలుగు వందల ఎనిమిది. చిన్న మీటరు చూపించింది మూడు వందల నలభై నాలుగు. మధ్యలో అరవై నాలుగు మాయం. అరవై నాలుగంటే గురువారం నేను బంకు నుంచి ల్యాబుకు పోయి ఇంటికి తిరిగొచ్చిన దూరం, సరిగ్గా అంతే. అంటే గురువారం సాయంత్రానికీ శుక్రవారం పొద్దుటికీ మధ్య, షెడ్డులో ఉన్న బండి మీటరు ఎవరో సున్నా చేశారు.

షెడ్డులోకి వచ్చేదెవరు? కుక్క, రెండు పిల్లులు, మా కుటుంబం.

మర్నాడు మళ్లీ శుక్రవారం. పనికి వెళ్లేముందు తలుపు పక్క నుంచి గమనించాను. అత్తమ్మ తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, పసుపు కుంకుమలు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఇది మా ఇంట్లో ప్రతి శుక్రవారం జరిగేదే. గుడ్డ తీసి, బానెట్టు మీద బొట్టు పెట్టింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. లోపలికి వంగి స్టీరింగుకి బొట్టు, గేరు రాడ్డుకి బొట్టు, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడికి పువ్వు. ఆఖర్న కళ్లకద్దుకుని, కుంకుమ వేలితోనే చిన్న మీటరు బొత్తాం నొక్కింది. టిక్.

"అత్తమ్మా! గదేంది?"

ఆమె ఉలిక్కిపడింది. "ఏముందే, సున్నా పెట్టా! బండి కొన్న రోజు పూజ అయ్యాక మీ మామయ్యే నొక్కారు, నేను చూశాగా. అప్పట్నించీ పెడుతున్నా. పోయిన వారం తిరిగిందంతా తుడిచేసి శుభంగా మొదలెట్టాలా వద్దా? పాత ముగ్గు మీద కొత్త ముగ్గు వేస్తామా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమెను గట్టిగా వాటేసుకున్నాను. ఆమె కుంకుమంతా నా చుడీదారుకు అంటింది.

మరి ఇన్నేళ్లూ మామయ్యకు ఈ సంగతి ఎందుకు తెలియలేదంటే, ఆయన ఎప్పుడూ గురువారం సాయంత్రమే ట్యాంకు నింపుతాడు. బంకులోనే సున్నా చేసుకుని ఇంటికొస్తాడు. తెల్లారి అత్తమ్మ మళ్లీ నొక్కినా పోయేది బోధన్ నుంచి ఇంటికొచ్చిన ఆరు కిలోమీటర్లే. వారానికి ఆరు కిలోమీటర్లు ఎవరి కంటికి ఆనుతాయి? నేనేమో గురువారం పొద్దున్నే నింపి, ఒక రోజంతా తిప్పి, అప్పుడు దొరికిపోయాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మొత్తం చెప్పాను. ఫోటో చూపించాను. "పదహారు నాలుగు కాదు మామయ్యా. నాలుగు వందల ఎనిమిది, ఇరవై ఒక్క లీటర్లు. పంతొమ్మిదికి పైన నాలుగు. తాళాలు తీసుకోవాల్నా, మీరే ఇస్తరా?" కొంచెం పొగరుగానే అన్నాను. అనకుండా ఎలా ఉండగలను?

అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామయ్య ఫోటోను దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. పెదవులు కదిలించాడు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను గానీ, కళ్లు మెరిశాయి. లెక్కలో తప్పు దొరికితే ఆయనకు చెరకులో తీపి తగిలినట్టే.

"బాగుందమ్మాయ్. దూరం సరిచేశావు. పెద్ద మీటరు అబద్ధమాడదు. ఇప్పుడు లెక్క రెండో కాలు, అంటే డీజిలు, కూడా చూడాలి. ఆ రెండు ఫుల్ ట్యాంకుల మధ్య బండిలో ఇంకెవరన్నా డీజిలు పోశారా? బంకులో పట్టిన ఇరవై ఒకటీ తప్ప ఇంకో చుక్క?"

"నేనైతే పొయ్యలే మామయ్యా. ఒట్టు."

 మా ఆయన మజ్జిగ గ్లాసులోకి తీక్షణంగా చూస్తున్నాడు. మజ్జిగలో అంత చూడదగ్గది ఏముంటుంది?

"ఒరేయ్" అన్నాడు మామయ్య.

"రెండు లీటర్లే నాన్నా" అన్నాడు మా ఆయన, గ్లాసుతోనే చెప్తున్నట్టు. "ఆదివారం ట్రాక్టరు క్యానులో మిగిలితే పోశా. ఇది పద్దెనిమిది తేలేకపోతే ఉద్యోగం పోద్దని భయమేసింది. ముందే రెండు పోసి ఉంచితే ఆఖర్న బంకులో తక్కువ పడుతుంది గదా అని."

నా పంతొమ్మిది ఆ కంచం పక్కనే కూలిపోయింది. ఇరవై ఒకటీ రెండూ ఇరవై మూడు. నాలుగు వందల ఎనిమిదిని ఇరవై మూడుతో భాగిస్తే పదిహేడు ఏడు. పద్దెనిమిదికి మూడు పాయింట్లు తక్కువ. నా మొగుడి ప్రేమ నన్ను సరిగ్గా గడప దాకా తీసుకొచ్చి అక్కడ కాలు అడ్డం పెట్టింది.

"నిన్నెవలు పొయ్యమన్నరు?" అని అరిచాను. "నా కాలు మీద నీకు గంత నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదే..."

"మరేంది?"

"అలవాటే! ఎవరి బండి వాడుకున్నా చుక్క పోసి ఇవ్వాలని నాన్నే గదా నేర్పింది. నాన్న బండి తీసుకెళ్లినప్పుడల్లా పోస్తూనే ఉంటాగా..."

అక్కడ ఆగిపోయాడు. తన నోటితో ఏమన్నాడో అతనికి అప్పుడే తెలిసింది. అత్తమ్మకు తెలిసింది. నాకూ తెలిసింది. మామయ్య చేయి పప్పులోనే ఉండిపోయింది.

నాకు నిజంగా భయం వేసింది. ఎదురుగా ఉన్నది ఇరవైన్నర మనిషి. పెళ్లిచూపుల్లో బాపును ఆ సంఖ్యతో కొలిచిన మనిషి. ఆయన ఇరవైన్నరలో దూరమంతా ఇద్దరిదీ, డీజిలు మాత్రం బంకులో పోసిన ఆయనదొక్కటే. ఆ మాట నేనైతే అనలేను. అనకుండా లేచి కంచాలు తీద్దామనుకున్నాను.

"కూర్చో అమ్మాయ్" అన్నాడు. తర్వాత కొడుకుతో, "మొన్న నేను మైలేజీ చూసిన వారంలో ఎంత పోశావు?"

"వర్ని ఊరికి పోయొచ్చినప్పుడా? మూడు లీటర్లు."

"బంకులో నాకు పట్టింది పదిహేను. పదిహేనూ మూడూ పద్దెనిమిది." మజ్జిగలో వేలు ముంచి బల్ల మీద అంకెలు వేయడం మొదలుపెట్టాడు. "మీటరు మీద మూడు వందల తొమ్మిది ఉంది. మీ అత్తమ్మ సున్నా పెట్టి తినేసిన ఆరు కలిపితే మూడు వందల పదిహేను." అంకెలు ఆరిపోతుంటే మళ్లీ దిద్దాడు. మేమందరం ఆ వేలినే చూస్తున్నాం. "పదిహేడున్నర."

వేలు తుడుచుకున్నాడు. కాసేపు తలెత్తలేదు. ఎన్నేళ్లు మోశాడో ఆ ఇరవైన్నరను! నాకు ఆయన మీద జాలి కలిగింది, ఆ జాలి ఆయనకు కనపడకూడదని గోడ గడియారం వైపు చూశాను.

"మామయ్యా, కావాలంటే మళ్లీ ఒకసారి సూద్దాం. రేపు ఒక్కరోజు..."

"ఒక్కరోజుది నమ్మకూడదు. మూడు లీటర్లు తాగే దూరానికి, గన్ కొంచెం ముందు ఆగినా వెనక ఆగినా లెక్క తారుమారవుద్ది. వారం తిరగాలి. నీకు వారం లేదు గదా, సోమవారం అన్నావు." అప్పుడు తల ఎత్తాడు. "నాది పదిహేడున్నర. నీది పదిహేడు ఏడు. నా బండి నాకంటే నీ దగ్గరే సుఖంగా ఉంది. పద్దెనిమిది అన్నది నేను, ఆ పద్దెనిమిదే తప్పుడు లెక్కలోంచి పుట్టింది. ఇంక నిన్ను ఏం అడగను?"

లేచి వెళ్లి మేకు మీది తాళాల గుత్తి తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. రెండడుగులు వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"అందులో చిన్నది డీజిలు మూత తాళం. వీడి చేతికి మాత్రం ఇయ్యమాక."

అత్తమ్మ అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఒక్కసారిగా బయటపడింది. ఆ నవ్వు చూసి మామయ్యకూ ఆగలేదు. మా ఆయనొక్కడే కాసేపు అలిగి కూర్చున్నాడు. అతనికి ఇంకో గ్లాసు మజ్జిగ పోశాను. రెండు లీటర్లు పోసినవాడికి ఆ మాత్రం పోయాలి కదా.

సోమవారం పొద్దున చీకట్లోనే లేచాను. చూస్తే మామయ్య చొక్కా వేసుకుని కారు పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. "బోధన్ దాకా వస్తా. పంపు దగ్గర కొత్తగా గీత గీసుకోవాలి" అన్నాడు. తిరిగి బస్సులో వస్తాడట. దారిలో నా పాదం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు.

బంకులో ఆ వేళకు నలుగురైదుగురు రైతులు క్యాన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరూ మామయ్యను ఎరిగినవాళ్లే. ఒకాయన నన్నూ స్టీరింగునూ మార్చి మార్చి చూసి, నవ్వుతూ అన్నాడు. "ఏం పటేలా, ఇరవైన్నర బండి కోడలి చేతుల పెట్టినవ్? ఇగ అయిందా మైలేజ్?"

మామయ్య కిందికి దిగాడు.  ఇన్నేళ్లుగా ఆ సంఖ్య చెప్పుకున్నది ఈ మనుషుల ముందే.

"ఇరవైన్నర కాదయ్యా" అన్నాడు, అందరికీ వినపడేలా. "నేను లెక్క తప్పు చూసుకున్నా. నాది పదిహేడున్నర. అమ్మాయిది పదిహేడు ఏడు."

గన్ టక్కున ఆగింది. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, లోపలికి వంగి, "నొక్కు" అన్నాడు.

నొక్కాను. ఏడుకు పది నిమిషాల ముందే ల్యాబు తలుపు తీశాను.

ఆ శుక్రవారం అత్తమ్మ పూజ చేస్తూ బొత్తాం దాకా వేలు తెచ్చి ఆగి, వంటింటి వైపు కేకేసింది. "ఏమేవ్, ట్యాంకు నిన్న నింపావా? నొక్కొచ్చా?"

"వద్దు అత్తమ్మా, సోమవారం నింపిన!"

ఆమె వేలు వెనక్కి తీసుకుని, ఆ కుంకుమను మీటరు అద్దం పక్కన బొట్టుగా పెట్టి ఊరుకుంది. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది.